ఏటీఎంలో కార్డు చేయి మారకుండా డబ్బు తీసుకోవడం ఎలా

అయస్కాంత పట్టీ మాత్రమే ఉన్న పాత కార్డులను 2018 డిసెంబరు 31 లోపు తొలగించి, చిప్ కార్డులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించిన తరువాత, మన దేశంలో ఏటీఎం మోసాల తీరు మారింది. పట్టీలోని సమాచారానికి నకలు తీసి మరో ఖాళీ కార్డు మీదికి ఎక్కించడం తేలిక. చిప్ మాత్రం ప్రతి లావాదేవీకీ ఒక కొత్త సంకేతాన్ని తయారుచేస్తుంది కాబట్టి దానికి అలా నకలు తీయడం సాధ్యపడదు. అందువల్ల ఇక్కడి ఏటీఎంలో మీ ఖాతా నుంచి డబ్బు లాగాలనుకునే మోసగాడికి మీ అసలు కార్డు, మీ పిన్ రెండూ కావాలి. ఆ రెండూ ఒకేచోట అతనికి దొరికేది, మీరు యంత్రం ముందు తడబడుతూ నిలబడిన ఒకటి రెండు నిమిషాల్లోనే. "ఇటివ్వండి, నేను చూస్తాను" అంటూ అతను ముందుకు వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే.

ఇది ఎలా జరుగుతుందో తెలియడానికి ఒక ఊహా సందర్భాన్ని తీసుకుందాం. పింఛను పడిన మొదటి వారం, మండల కేంద్రంలో బజారు వీధిలోని ఏటీఎం, సాయంత్రం ఏడు గంటలు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పదివేలు తీసుకోవడానికి వచ్చారు. ఆయన వెనక ఇద్దరు యువకులు వరుసలో ఉన్నట్టుగా నిలబడ్డారు. కార్డును ఆయన తిరగేసి పెట్టడంతో యంత్రం దాన్ని చదవలేదు. "మాస్టారూ, చిప్ లోపలికి వెళ్లాలండీ, ఇలా" అంటూ ఒకతను కార్డు అందుకుని సరిగ్గా పెట్టి, పిన్ కొట్టమన్నాడు. ఆయన కొడుతుండగా రెండో అతను పక్కనుంచి నాలుగు అంకెలూ చూసుకున్నాడు. డబ్బు వచ్చింది. మాస్టారు నోట్లు లెక్కపెట్టుకుంటున్నప్పుడు, బయటికి వచ్చిన కార్డును మొదటి అతను తీసి, "ఇదిగోండి మాస్టారూ, జాగ్రత్త" అని చేతిలో పెట్టాడు. అది అదే బ్యాంకుది, అదే రంగుది, కానీ ఆయనది కాదు.

ఈ మోసంలో ముఖ్యమైన కిటుకు ఏమిటంటే, బాధితుడు వచ్చిన పని పూర్తవుతుంది. అడిగిన డబ్బు చేతికి వచ్చింది, కార్డు తిరిగి జేబులోకి వెళ్లింది, సాయం చేసిన కుర్రవాడికి కృతజ్ఞతలు కూడా చెప్పారు. అనుమానించవలసిన కారణమే కనిపించదు. ఆ రాత్రి జరిగేది వేరు. రోజుకు ఇరవై ఐదు వేల పరిమితి ఉన్న కార్డు అనుకుంటే, అందులో పదివేలు మాస్టారే తీసుకున్నారు కాబట్టి మిగిలిన పదిహేను వేలు మరో ఊరి ఏటీఎంలో తీస్తారు. కొనుగోళ్లకు పరిమితి వేరుగా ఉంటుంది కాబట్టి ఏదైనా దుకాణంలో స్వైపింగ్ మిషను మీద ముప్ఫై ఎనిమిది వేలకు సరుకు కొంటారు. రాత్రి పన్నెండు దాటి తేదీ మారగానే మళ్లీ ఇరవై ఐదు వేలు తీస్తారు. తెల్లవారేసరికి పోయిన మొత్తం డెబ్బై ఎనిమిది వేలు. మోసగాళ్లు సాయంత్రం వేళను ఇష్టపడటానికి ఈ తేదీ మార్పు ఒక కారణం. బ్యాంకు నుంచి సందేశాలు వెళ్లే నంబరు నగరంలో ఉన్న కొడుకుది అయితే, లేదా ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన ఫోనుది అయితే, మరో వారానికి మాస్టారు ఇంకో ఏటీఎంలో పిన్ కొట్టి "పిన్ తప్పు" అని తెర మీద చూసేదాకా విషయం బయటపడదు. అప్పుడు చేతిలో ఉన్న కార్డు మీద చదివితే ఎవరిదో పేరు ఉంటుంది. సాధారణంగా ఆ పేరు అంతకుముందు ఇలాగే మోసపోయిన మరొకరిది. ఒకరి దగ్గర కొట్టేసిన కార్డును ఖాళీ చేశాక, దాన్నే తరువాతి మనిషి చేతిలో పెడతారు.

ఇంటి దగ్గరే చేయవలసిన పనులు

ముందుగా మీ కార్డును మీరు గుర్తుపట్టగలిగేలా చేసుకోండి. పేరు చూసుకుంటే చాలని కొందరు చెబుతారు గానీ, జన్‌ధన్ ఖాతాలకు ఇచ్చేవాటిలోనూ, శాఖలో అప్పటికప్పుడు చేతికిచ్చేవాటిలోనూ చాలా కార్డుల మీద అసలు పేరే ఉండదు. అలాంటివి ఒకే బ్యాంకువి రెండు పక్కపక్కన పెడితే తేడా తెలియదు. అందుకని కార్డు సంఖ్యలోని చివరి నాలుగు అంకెలను గుర్తుపెట్టుకోండి. అది కష్టమనిపిస్తే, చెరిగిపోని మార్కరు పెన్నుతో కార్డు వెనక ఒక మూల మీ పొడి అక్షరాలు రాయండి. స్టిక్కరు గానీ టేపు గానీ అంటించకండి, అది యంత్రంలో ఇరుక్కుంటే ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. చిప్ మీద, నల్లటి పట్టీ మీద ఏమీ రాయకండి. పిన్‌ను కార్డు మీద గానీ, దాని కవరు మీద గానీ, పర్సులోని చీటీ మీద గానీ రాసి ఉంటే ఈ రోజే చెరిపేయండి.

తరువాత బ్యాంకు యాప్‌లోకి గానీ, శాఖకు గానీ వెళ్లి కార్డు అమరికలను సరిచేసుకోండి. కార్డు వాడకాన్ని విడివిడిగా ఆపుకునే, పరిమితులు తగ్గించుకునే వీలు ఖాతాదారుకు కల్పించాలని రిజర్వు బ్యాంకు 2020లోనే బ్యాంకులను ఆదేశించింది. విదేశీ లావాదేవీలు మీకు అవసరం లేకపోతే ఆపేయండి. కార్డు పెట్టే చీలికకు మోసగాళ్లు అమర్చే స్కిమ్మర్ అనే పరికరంతో దొంగిలించిన పట్టీ సమాచారం ఇక్కడి చిప్ యంత్రాల్లో పనిచేయకపోయినా, పట్టీని ఇంకా అంగీకరించే విదేశీ యంత్రాల్లో పనిచేయవచ్చు. పిన్ లేకుండా యంత్రానికి తాకించి చెల్లించే సదుపాయం ఒక్కో లావాదేవీకి 5,000 రూపాయల వరకు ఉంటుంది. దాన్ని వాడే అలవాటు లేని పెద్దవారి కార్డుల్లో అది ఆపి ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. రోజువారీ నగదు పరిమితిని కూడా మీ అవసరానికి తగినంతకే తగ్గించండి. పై ఉదాహరణలో ఆ పరిమితి పదివేలే అయి ఉంటే, మాస్టారు పదివేలు తీసుకున్నాక ఆ రోజు ఏటీఎం నుంచి ఒక్క రూపాయి కూడా వచ్చేది కాదు.

ఇంకొక పని, బ్యాంకు కార్డు బ్లాక్ చేసే నంబరును ఫోనులో పేరు పెట్టి భద్రపరచండి. కార్డు వెనకే ఆ నంబరు ఉంటుంది కదా అనుకోవచ్చు, కానీ కార్డు పోయిన తరువాతే కదా ఆ నంబరుతో పని పడేది. ఆ కంగారులో ఇంటర్నెట్‌లో వెతికితే బ్యాంకు పేరుతో మోసగాళ్లు పెట్టిన నంబరు తగిలే ప్రమాదం ఉంది. ఖాతాకు నమోదైన ఫోను నంబరు ఎవరిదో కూడా సరిచూసుకోండి. డబ్బు తీయడానికి వెళ్లే మనిషి చేతిలోని ఫోనుకే సందేశం రావాలి.

యంత్రం ముందు నిలబడ్డాక

కార్డు బయటికి తీయకముందే యంత్రాన్ని ఒకసారి చూడండి. మొదట కార్డు పెట్టే చీలికను పరిశీలించండి. స్కిమ్మర్ అంటే ఆ చీలికకు తొడుగులా అతికించిన, లేదా లోపలికి దూర్చిన పరికరం. కార్డు దాని మీదుగా వెళ్లినప్పుడు పట్టీలోని సమాచారాన్ని అది నమోదు చేసుకుంటుంది. చాలా యంత్రాల్లో చీలిక చుట్టూ పారదర్శకమైన ప్లాస్టిక్ మూతి ఉండి, అందులో చిన్న దీపం మినుకుమంటుంది. ఆ దీపం సగం కప్పబడి ఉన్నా, మూతి యంత్రం కంటే వేరే రంగులో ఉన్నా, మామూలు కంటే ముందుకు పొడుచుకు వచ్చినా, అంచుల్లో ఆరిన జిగురు మరక గానీ సన్నని సందు గానీ కనిపించినా అనుమానించాలి. మూతిని వేళ్లతో పట్టుకుని కొంచెం గట్టిగా అటూ ఇటూ కదపండి. యంత్రంతో పాటు బిగించిన అసలు భాగం కదలదు, అతికించినది కదులుతుంది లేదా ఊడి చేతికి వస్తుంది. పక్కనే మరో ఏటీఎం ఉంటే రెండింటినీ పోల్చి చూడటం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే మోసగాళ్లు సాధారణంగా ఒక్క యంత్రానికే పరికరం పెడతారు. అయితే చీలిక లోపలికంటా దూర్చిన పలుచని పరికరం కంటికి కనిపించదు, చేతికి తగలదు. కార్డు లోపలికి వెళ్లేటప్పుడు మామూలు కంటే బిగుతుగా అనిపించడం ఒక్కటే దానికి ఆనవాలు.

కనిపించని పరికరం గురించి మరీ భయపడనక్కరలేదు. పట్టీ సమాచారం దొరికినా, పిన్ దొరకకపోతే దానితో ఏటీఎంలో డబ్బు తీయలేరు. పిన్ కోసం వారు చిన్న కెమెరా గానీ, అంకెల మీటల మీద పరిచే నకిలీ కీప్యాడ్ గానీ పెడతారు. కెమెరా సాధారణంగా తెర పైనున్న పట్టీలోనో, యంత్రం పక్కన కరపత్రాలు పెట్టే డబ్బాలోనో, దీపం గూటిలోనో ఉండి, గుండుసూది తల అంత రంధ్రం నుంచి మీటల వైపు చూస్తుంది. నకిలీ కీప్యాడ్ అయితే మీటలు మెత్తగా, ఉబ్బెత్తుగా ఉంటాయి, మూలను గోటితో లేపితే లేస్తుంది. పిన్ కొట్టేటప్పుడు రెండో అరచేతిని మీటల మీద గొడుగులా పెట్టి, యంత్రానికి బాగా దగ్గరగా నిలబడితే కెమెరాకూ, భుజం మీదుగా తొంగిచూసే మనిషికీ ఏమీ కనిపించదు. ఈ ఒక్క అలవాటుకు రెండు ప్రయోజనాలున్నాయి కాబట్టి, మిగిలినవి మరిచిపోయినా దీన్ని మరవకండి.

కార్డు పెట్టే ముందు రద్దు మీటను రెండుసార్లు నొక్కితే పిన్ దొంగతనం ఆగుతుందని రిజర్వు బ్యాంకు చెప్పినట్టుగా వాట్సాప్‌లో ఒక సందేశం ఏళ్లుగా తిరుగుతోంది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం ప్రకటించింది. దాన్ని నమ్మి మిగిలిన జాగ్రత్తలు వదిలేయకండి.

సాయం చేస్తామంటూ ఎవరైనా ముందుకు వచ్చినప్పుడు

సాయం అవసరం పడే సందర్భాలు కొన్నే ఉన్నాయి. వాటిని ముందే తెలుసుకుంటే సగం ప్రమాదం తగ్గుతుంది. కార్డు తిరగేసి పెట్టడం అందులో మొదటిది. చీలిక పక్కనే ఎలా పెట్టాలో చూపే బొమ్మ ఉంటుంది, సాధారణంగా చిప్ పైకి కనబడుతూ ముందుగా లోపలికి వెళ్లాలి. లావాదేవీ పూర్తయ్యేదాకా చాలా యంత్రాలు చిప్ కార్డును లోపలే పట్టి ఉంచుతాయి కాబట్టి, కార్డు ఇరుక్కుపోయిందేమోనని మధ్యలో లాగవద్దు. కొత్త కార్డుకు పిన్ పెట్టుకోవడం మరో సందర్భం. ఆ పని తెలియకపోతే బ్యాంకు పనివేళల్లో శాఖకు వెళ్లి, సిబ్బందిని అడగండి, అక్కడ కూడా పిన్ మాత్రం మీరే నొక్కండి.

ఎవరైనా దగ్గరికి వస్తే, "అక్కర్లేదండీ, మీరు కొంచెం బయట ఉండండి" అని గట్టిగానే చెప్పండి. మర్యాద తప్పుతున్నామేమో అన్న మొహమాటం వద్దు. నిజంగా మంచి మనసుతో వచ్చినవారు ఆ మాటకు నొచ్చుకోకుండా వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే లావాదేవీని రద్దు చేసి, కార్డు మీ చేత్తోనే తీసుకుని బయటికి రండి. సెక్యూరిటీ యూనిఫారంలో ఉన్నవారికీ, బ్యాంకు మనిషినని చెప్పేవారికీ ఇదే వర్తిస్తుంది. మాటలతో దారి చెప్పడానికి కార్డు ముట్టుకోవలసిన అవసరం ఎవరికీ ఉండదు. "మీ లావాదేవీ ఇంకా పూర్తికాలేదు, మళ్లీ పిన్ కొట్టండి" అనేవారి విషయంలోనూ, కింద పడిన నోటు చూపించి "మీదేనా" అని అడిగేవారి విషయంలోనూ చూపు యంత్రం మీదనుంచి తిప్పకండి. కార్డు మారేది ఆ క్షణంలోనే.

కార్డు నిజంగా ఇరుక్కుపోయే సందర్భం వేరే రకం. చీలికలో ముందే జిగురు రాసి ఉంచి, గోడ మీద "సహాయానికి ఈ నంబరు" అంటూ కాగితం అంటించే ముఠాలు ఉన్నాయి. ఆ నంబరుకు ఫోను చేస్తే అవతలి మనిషి పిన్ మళ్లీ కొట్టమంటాడు, లేదా గార్డును పిలుచుకురావడానికి బయటికి వెళ్లమంటాడు. మీరు వెళ్లగానే కార్డును ఊడదీస్తారు. కాబట్టి యంత్రాన్ని వదలకుండా అక్కడే నిలబడి, మీ ఫోనులో భద్రపరచిన బ్యాంకు నంబరుకే ఫోను చేసి కార్డును బ్లాక్ చేయించండి. ఆ తరువాత ఎవరు ఊడదీసుకున్నా అది పనికిరాని ప్లాస్టిక్ ముక్కే.

డబ్బు తీసుకున్నాక నోట్లు లెక్కపెట్టుకోవడం కంటే ముందు కార్డును చూడండి. చివరి నాలుగు అంకెలు లేదా మీరు రాసుకున్న గుర్తు సరిపోయాకే దాన్ని లోపల పెట్టండి. తెర మళ్లీ మొదటి పేజీకి వచ్చిందని చూసుకుని కదలండి. దీనికి పట్టేది అయిదారు క్షణాలు. మాస్టారు ఇంకా గదిలో ఉండగానే కార్డు తనది కాదని గుర్తుపట్టి ఉంటే, ఆ యువకులు వీధి మలుపు తిరిగేలోపే కార్డు బ్లాక్ అయ్యేది.

కార్డు మారిందని తెలిసిన వెంటనే

మొదట బ్యాంకుకు ఫోను చేసి బ్లాక్ చేయించండి, లేదా యాప్‌లో మీరే ఆపేయండి. ఇంటికి వెళ్లి కుటుంబంతో మాట్లాడి చేద్దామనుకోవద్దు. ఫిర్యాదు సంఖ్యను, ఫోను చేసిన సమయాన్ని రాసుకోండి. ఈ సమయానికి చాలా విలువ ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టాన్ని బ్యాంకుకు తెలియజేసేదాకా ఖాతాదారే భరించాలి, తెలియజేసిన తరువాత జరిగే నష్టాన్ని బ్యాంకు భరించాలి. పై సందర్భంలో రాత్రి తొమ్మిదికే ఫోను చేసి ఉంటే, పన్నెండు తరువాత పోయిన ఇరవై ఐదు వేలూ మిగిలి ఉండేవి.

తరువాత సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే జాతీయ సహాయ నంబరు 1930కు ఫోను చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆపైన దగ్గరలోని పోలీసు స్టేషనుకు వెళ్లండి. మీ చేతికి అంటగట్టిన ఆ పరాయి కార్డును కోపంతో విరిచి పారేయకండి, మళ్లీ మళ్లీ తడమకుండా ఒక కవరులో వేసి పోలీసులకు ఇవ్వండి. అది ఎవరిదో తెలిస్తే అంతకుముందు జరిగిన మోసం, ఆ ఏటీఎం, ఆ సమయం బయటికి వస్తాయి, ముఠాను పట్టుకునే దారి దొరుకుతుంది. మీరు వాడిన ఏటీఎం గుర్తింపు సంఖ్య స్లిప్పు మీద ఉంటుంది. దానితో పాటు తేదీ, సమయం రాసి, ఆ గదిలోని కెమెరా దృశ్యాలను భద్రపరచమని కోరుతూ మీ బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఆలస్యమైతే ఆ దృశ్యాలు చెరిగిపోతాయి. యంత్రం వేరే బ్యాంకుదైనా ఫిర్యాదు మాత్రం మీకు కార్డు ఇచ్చిన బ్యాంకులోనే చేయాలి.

స్కిమ్మర్ వల్ల నష్టం జరిగితే మీ పక్షం మరింత బలంగా ఉంటుంది. తప్పు మీది గానీ బ్యాంకుది గానీ కాకుండా మూడో మనిషి వల్ల జరిగిన నష్టమైతే, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఆ ఉత్తర్వు ప్రకారం మీరు ఏమీ భరించనక్కరలేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలు పడితే మామూలు పొదుపు ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయలు, జన్‌ధన్ వంటి ప్రాథమిక ఖాతాకు 5,000 రూపాయల వరకు మీ మీద పడవచ్చు. బాధ్యత ఖాతాదారుదేనని రుజువు చేయవలసిన భారం బ్యాంకు మీదే ఉంటుందని కూడా అందులోనే ఉంది. కార్డు మార్పిడి కేసుల్లో మాత్రం, "సరైన పిన్‌తోనే డబ్బు తీశారు కాబట్టి నిర్లక్ష్యం మీదే" అని బ్యాంకులు మొదట్లోనే చేతులు దులుపుకోవడం మామూలే. అలాంటప్పుడు మీరు పిన్ ఎవరికీ చెప్పలేదని, చాటుగా చూసి కార్డు మార్చారని స్పష్టంగా రాసి, కెమెరా దృశ్యాలను పరిశీలించమని అడగండి.

ముప్ఫై రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. దీనికి రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు ప్రతి, దాని సంఖ్య, బ్లాక్ చేయించిన సమయం, పోలీసు ఫిర్యాదు రసీదు, పోయిన మొత్తాలు కనిపించే స్టేట్‌మెంట్ జతపరచండి.